నాయిన విల్లుల తమ్ముడి పేరున్నది, కానీ తమ్ముడు నాయినకంటే ముందే పోయిండు. ఆ భూమి ఎవరికి?

పానగల్లు ఆడబిడ్డ

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మా నాయిన రిటైర్డ్ టీచర్, పోయిన మాఘమాసంల కాలం చేసిండు. 2016ల విల్లు రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల రిజిస్టర్ చేయించిండు. ఇప్పుడు ఇంట్ల ఆ విల్లును తలా ఒక తీరుగ చదువుతున్నరు. అందుకే ముఖ్యమైన పేరాలు ఉన్నవి ఉన్నట్టే పెడుతున్న.

"2. నల్లగొండ పట్టణములోని నా స్వార్జితమగు ఇల్లును నా భార్య తన జీవితకాలము, ఎట్టి అన్యాక్రాంతపు హక్కులు లేకుండా అనుభవించవలెను. ఆమె తదనంతరము నా ఇద్దరు కుమారులు సమానముగా సర్వహక్కులతో పొందవలెను.

3. అనుముల మండలములోని నా స్వార్జిత తరి భూమి 7 ఎకరములలో 4 ఎకరములు నా పెద్ద కుమారునికి, 3 ఎకరములు నా చిన్న కుమారునికి చెందవలెను.

4. మహబూబ్‌నగర్ పట్టణములోని 200 గజముల ప్లాటు నా కుమార్తెకు చెందవలెను.

5. పై ఆస్తులు పోను నాకు చెందిన మిగతా స్థిర చరాస్తులన్నియు నా భార్యకు చెందవలెను.

6. ఈ విల్లును అమలు జరుపుటకు నా తమ్ముని ఎగ్జిక్యూటర్‌గా నియమించితిని."

నాయిన చిన్నకొడుకు, అంటే మా తమ్ముడు, 2021ల కరోనాతో పోయిండు. మా మరదలు, ఒక బిడ్డ, ఒక కొడుకు ఉన్నరు. పిల్లలిద్దరూ బడికి పోయే వయసు. ఆ తర్వాత గూడ నాయిన విల్లు మార్చలేదు. ఇంకోటి, నాకు రాసిన ప్లాటును 2019ల నాయినే అమ్మి, ఆ పైసలు బ్యాంకుల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసిండు. అది ఇప్పుడు 9 లక్షలు. నామినీ అన్న.

అన్న ఏమంటడంటే, "తమ్ముడు లేడు గాబట్టి ఆ 3 ఎకరాలు నాకే రావాలె, ఏడు ఎకరాలూ నా పేరు మీద విరాసత్ చేయిస్త. చిన్నాయన ఎగ్జిక్యూటర్, ఆయన గూడ సరే అన్నడు" అంటడు. అమ్మ ఏం మాట్లాడుతలేదు. నా ప్లాటు సంగతి పక్కన పెట్టండి, ముందు మరదలు, పిల్లల సంగతి చెప్పండి. ప్రొబేట్ తీస్కోవాలంటున్నరు, అదేంది? తప్పనిసరా?

దేవరకొండ దస్తావేజు

అక్కా, నేను ఇరవై ఏండ్ల నుంచి దస్తావేజులు రాస్తున్న. విల్లుల పేరున్న మనిషి, రాసినాయనకంటే ముందే చనిపోతే ఆయనకిచ్చిన భాగం పడిపోతది. పడిపోయినది "మిగతా ఆస్తి" అనే పేరాలకు పోయి కలుస్తది. మీ విల్లుల ఐదో పేరా ఉన్నది గాబట్టి ఆ 3 ఎకరాలు మీ అమ్మకు వస్తయి. మీ అన్నకు మాత్రం రావు. నాలుగో పేరా అంతే, ప్లాటు లేదు గాబట్టి మీకు అందులనించి ఏం రాదు.

సూర్యాపేట వెంకన్న

నా ఎరుకల విల్లు ఎగ్జిక్యూటర్ అంటే పెద్దమనిషి. విల్లుల తికమక ఉంటే ఆయన మాటే ఖాయం. తండ్రి నమ్మి పెట్టిండు గదా. చిన్నాయన పెద్దోనికి అన్నడంటే ఇక కోర్టు ఎందుకు? నలుగురు కూసొని కాయితం రాస్కుంటే అయిపోతది.

నల్లగొండ వకీల్

అమ్మా, విల్లు పేరాలు యథాతథంగా పెట్టారు, చాలా మేలు చేశారు. చాలామంది "నాన్న ఇలా రాశారట" అని అడుగుతారు. ఒక్క పదం మారితే జవాబే మారిపోతుంది.

ముందు చిన్నాయనగారి సంగతి. ఎగ్జిక్యూటర్ తీర్పరి కాదు. విల్లులో ఉన్నది ఉన్నట్టు జరిపించడమే ఆయన పని. ఆస్తి ఏదెక్కడుందో పోగుచేయాలి, అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీర్చాలి, మిగిలింది ఎవరికి రాశారో వాళ్ళకు అప్పగించాలి. మధ్యలో ఒకరి వాటా ఇంకొకరికి మళ్ళించే అధికారం ఆయనకు లేదు. "సరే" అన్నా ఆ మాట చెల్లదు. పైగా ఆయన అలా అప్పగిస్తే నష్టపోయినవాళ్ళు ఆయన మీదనే దావా వేయవచ్చు. ఈ మాట చిన్నాయనకు నెమ్మదిగా చెప్పండి. చాలామందికి తమ నెత్తిన ఎంత బాధ్యత ఉందో తెలియకనే తలూపుతారు.

ఇక 3 ఎకరాలు. దస్తావేజు అన్న చెప్పింది మామూలు నియమం, అది నిజమే. మీ నాన్నగారు ఒక స్నేహితుడికో, అన్న కొడుక్కో రాసి, ఆయన ముందే చనిపోయి ఉంటే అచ్చం అలాగే జరిగేది. కానీ సొంత సంతానానికి రాసినప్పుడు భారత వారసత్వ చట్టం, 1925లో 109వ సెక్షన్ వేరుగా చెబుతుంది. కొడుకుకో కూతురికో రాసి, వాళ్ళు ముందే చనిపోయినా, వాళ్ళ పిల్లలు ఎవరైనా విల్లు రాసినాయన మరణించేనాటికి బతికి ఉంటే ఆ భాగం పడిపోదు. ఆ కొడుకు తండ్రి పోయిన మరుక్షణం చనిపోయినట్టు లెక్కవేస్తారు. విల్లులో ఇందుకు భిన్నంగా రాసి ఉంటేనే ఇది వర్తించదు. మీరు పెట్టిన పేరాల్లో అలాంటిది నాకు కనపడలేదు.

అంటే 3 ఎకరాలు మీ తమ్ముడి ఆస్తిగా మారి, అక్కడి నుంచి ఆయన వారసులకు పోతుంది. మీ అన్నకు రాదు. ఐదో పేరా కింద మీ అమ్మకూ పోదు.

పానగల్లు ఆడబిడ్డ

సార్, చానా సంతోషం. అంటే 3 ఎకరాలు మరదలికి, ఇద్దరు పిల్లలకు, తలా ఎకరం అన్నట్టా?

నల్లగొండ వకీల్

తలా ఎకరం రాదమ్మా. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. 109 కింద భూమి నేరుగా మనవలకు రాదు, మీ తమ్ముడి ఆస్తిలోకి వస్తుంది. మీ తమ్ముడు తనకంటూ విల్లు రాయలేదనుకుంటున్నాను. అప్పుడు హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ఆయన మొదటి తరగతి వారసులు నలుగురు: భార్య, కూతురు, కొడుకు, తల్లి. తల్లి అంటే మీ అమ్మగారే. 3 ఎకరాలంటే 120 గుంటలు, నలుగురికీ తలా 30 గుంటలు.

ఇంటి సంగతీ అంతే. అమ్మ తదనంతరం ఇద్దరు కొడుకులకు అని ఉంది కదా, అందులో తమ్ముడి సగం కూడా ఆయన వారసులదే. అన్న మొత్తం ఇల్లు తనదనుకుంటే అది కూడా ఆయనకు చెప్పాల్సిన మాట.

అమ్మగారు తన 30 గుంటలు కోడలికో మనవలకో ఇవ్వదలిస్తే రిజిస్టర్డ్ దస్తావేజుతో ఇవ్వవచ్చు. నోటిమాట చాలదు. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్ళ వాటాను వాళ్ళ అమ్మ చూసుకోవచ్చు, కానీ జిల్లా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు.

దేవరకొండ దస్తావేజు

వకీల్ సాబ్, 109 సంగతి మంచిగ చెప్పిన్రు. నా దగ్గర విల్లు రాయించుకునే వాళ్ళకు ఇకనుంచి ఒక వాక్యం అదనంగ పెడత: "నా కంటే ముందు ఫలానావారు మరణించినచో వారి వాటా ఫలానావారికి" అని. ఒక అనుమానం ఉన్నది. సాక్షి సంతకం పెట్టినాయనకు విల్లుల ఏదన్న రాస్తే అది చెల్లదంటరు గదా? ఈ విల్లుల చిన్నాయన సాక్షి గూడనా అక్కా?

పానగల్లు ఆడబిడ్డ

సాక్షులు వేరే ఇద్దరు అన్నా. నాయినతోని పనిచేసిన టీచర్లు. ఒకాయన పోయిండు. ఇంకొకాయన దేవరకొండల ఉంటడు, ఎనభై దాటినయి.

నల్లగొండ వకీల్

సాక్షికి రాసింది చెల్లదనే నియమం, 67వ సెక్షన్, హిందువుల విల్లులకు వర్తించదు. ఎగ్జిక్యూటర్ సాక్షిగా ఉండటానికి కూడా అడ్డు లేదు. అయితే లాభం పొందేవాడే సాక్షి అయితే, కోర్టులో ఆ సాక్ష్యాన్ని అనుమానంగా చూస్తారు. అందుకే బయటివాళ్ళను పెట్టుకోవడం మంచిది.

దేవరకొండ పెద్దాయన సంగతి మాత్రం అశ్రద్ధ చేయకండి. విల్లు రిజిస్టర్ అయింది కాబట్టి ఇక రుజువు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. రిజిస్ట్రేషన్ విల్లుకు బలం ఇస్తుంది, అంతే. విల్లును రుజువు చేయాల్సి వస్తే, సంతకం చేసిన సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉంటే ఆయనను కోర్టులో పలికించాలి. మీ నాన్నగారు తన ముందు సంతకం పెట్టారని ఆయన చెప్పాలి. రెండో సాక్షి కూడా పెట్టారని చెప్పగలిగితే పని పూర్తయినట్టే. ఆయన కూడా లేకుండా పోతే, చేతిరాతను గుర్తుపట్టే మనుషుల ద్వారా రుజువు చేయాల్సి ఉంటుంది. అది కష్టమైన దారి. అందుకే ప్రొబేట్, అంటే విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, కోసం వేసే ఆలోచన ఉంటే ఆలస్యం వద్దు.

జడ్చర్ల శ్రీలత

మా వారు పోయినప్పుడు బ్యాంకువాళ్ళు కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మన్నరు. తిరిగీ తిరిగీ ప్రాణం పోయింది. నామినీ నేనే, ఐనా అడిగిన్రు. అక్కా, మీకు గూడ అదే కావాలె, ప్రొబేట్ కాదు. మీ అన్న నామినీ ఐతే ఆ 9 లక్షలు ఆయనవే గదా?

నల్లగొండ వకీల్

శ్రీలతగారూ, మీ వారు విల్లు రాయలేదనుకుంటాను. సక్సెషన్ సర్టిఫికెట్ బాకీలు, డిపాజిట్లు, షేర్ల వంటివి వసూలు చేసుకోవడానికి ఇస్తారు, భూమికి పనికిరాదు. ఇక్కడ విల్లు ఉంది కాబట్టి దారి వేరు.

నామినీ విషయం మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. బ్యాంకు నామినీకి డబ్బిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, అంతే. ఆ డబ్బు నామినీ సొంతం కాదు, హక్కుదారుల తరఫున ఆయన చేతిలో ఉంటుంది. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ సూత్రం చెప్పింది. ఈ ఇంట్లో ఆ 9 లక్షల హక్కుదారు ఎవరంటే ఐదో పేరా ప్రకారం అమ్మగారు.

అమ్మా, ఇప్పుడు మీ ప్లాటు సంగతి చెప్పక తప్పదు. నాలుగో పేరాలో ఫలానా ప్లాటు అని గుర్తుపట్టేటట్టు రాశారు. అలాంటి వస్తువు, రాసినాయన బతికుండగానే అమ్ముడుపోతే ఆ పేరా ఖాళీ అయిపోతుంది. అమ్మిన పైసలు దాని స్థానంలోకి రావు, ఆ డబ్బు ఎక్కడుందో మీకు స్పష్టంగా తెలిసినా సరే. "ప్లాటు గాని, దాని విలువ గాని" అని రాసి ఉంటే మీకు వచ్చేది. మీ నాన్నగారి మనసులో మీకేదో ఇవ్వాలనే ఉంది, కానీ కోర్టు కాగితాన్నే చదువుతుంది. అమ్మగారు తన ఇష్టంతో ఇస్తే అది వేరే సంగతి.

పానగల్లు ఆడబిడ్డ

నాకు అర్థమైంది సార్. అమ్మ చేతిల ఉంటే చాలు. నాయినకు ఎరువుల దుకాణంల 60 వేల బాకీ ఉన్నది. అది ఎవరు కట్టాలె?

నల్లగొండ వకీల్

ముందు మిగతా ఆస్తిలోంచి, అంటే ఆ డిపాజిట్‌లోంచే. 9 లక్షల్లో 60 వేలు తీరిస్తే 8,40,000 అమ్మగారికి మిగులుతుంది. అంత్యక్రియల ఖర్చు ఎవరైనా పెట్టుకుని ఉంటే దాన్ని అంతకంటే ముందు తీర్చాలి. అందరికీ పంచిన తర్వాత బాకీ బయటపడితే తలనొప్పి. అందుకే ఎగ్జిక్యూటర్ చేసే మొదటి పని బాకీల జాబితా. ఒకవేళ భూమి మీద బ్యాంకు తనఖా ఉంటే మాత్రం లెక్క మారుతుంది: ఆ భూమి ఎవరికి పోతుందో తనఖా భారం కూడా వాళ్ళ మీదే పడుతుంది. పట్టా పుస్తకం, ఈసీ తీసి చూడండి.

నారాయణపేట అన్వర్

సార్, నాది వేరే కేసు. మా అబ్బా ఇల్లంతా మా పెద్దన్నకే విల్లు రాసిండు, రిజిస్టర్ గూడ అయింది. ఈ 109 మాకు వర్తిస్తదా?

నల్లగొండ వకీల్

అన్వర్ భాయ్, మీది వేరే చట్టం. ముస్లింల విల్లుకు షరియత్ నియమాలుంటాయి. మూడో వంతుకు మించి, లేదా వారసుల్లో ఒకరికి రాస్తే, మిగతా వారసులు తండ్రి పోయిన తర్వాత ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఇది సున్నీ హనఫీ పద్ధతి. మీరు కొత్త ప్రశ్నగా పెట్టండి, ఇందులో కలిపితే రెండూ చెడతాయి.

సూర్యాపేట వెంకన్న

అయితే ఈ అక్క కోర్టుకు పోవుడు ఖాయమేనా? ప్రొబేట్ లేకుంటే విల్లు చెల్లదంటరు. మా బంధువులు చెన్నైల ఉన్నరు, వాళ్ళు గూడ తీస్కున్నరు.

నల్లగొండ వకీల్

చెన్నైవాళ్ళు తీసుకోవడానికి కారణం ఉంది. 1925 చట్టంలో 213వ సెక్షన్ ప్రకారం, బొంబాయి, మద్రాసు హైకోర్టుల ఒరిజినల్ పరిధి, పాత బెంగాల్ ప్రాంతం - వీటికి సంబంధించిన హిందూ విల్లుకు ప్రొబేట్ లేకపోతే కోర్టులో హక్కు నిరూపించుకునే వీలుండేది కాదు. మన తెలంగాణలోని భూముల మీద ఇక్కడే రాసిన హిందూ విల్లుకు ఆ బంధనం ఎప్పుడూ లేదు. ఇప్పుడు 2025 చివర్లో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తొలగించింది. కాబట్టి తప్పనిసరి కాదు.

తప్పనిసరి కాకపోయినా ఎందుకు తీసుకుంటారంటే, విల్లు నిజమైనదేనన్న కోర్టు మాట ఒకసారి వస్తే, రేపు ఎవరొచ్చినా ఆ ప్రశ్న మళ్ళీ తిరగదోడటం చాలా కష్టం. సాక్షి వృద్ధుడు, అన్న తగాదా పెట్టేటట్టున్నాడు. ఈ రెండూ కలిసిన ఇంట్లో నేనైతే తీసుకోమనే చెబుతాను.

పని ఎలా నడుస్తుందంటే, నల్లగొండ జిల్లా కోర్టులో ఎగ్జిక్యూటర్, అంటే చిన్నాయనగారే, దరఖాస్తు పెట్టాలి. అసలు విల్లు దాఖలు చేయాలి, ఆస్తుల విలువ చూపాలి, దరఖాస్తు మీద ఒక సాక్షి ధ్రువీకరణ ఉండాలి. ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. దగ్గరి వారసులందరికీ నోటీసులు వెళ్తాయి, పత్రికలో ప్రకటన వేయిస్తారు. ఎవరూ అడ్డురాకపోతే సాక్షిని విచారించి ఇచ్చేస్తారు. అన్న అభ్యంతరం వేస్తే అది మామూలు దావా లాగా మారుతుంది, ఏళ్ళు పట్టవచ్చు. మంజూరయ్యాక ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు చిన్నాయన కోర్టుకు ఇవ్వాలి.

ఒక హద్దు తెలుసుకోండి. ప్రొబేట్ కోర్టు చూసేది విల్లు నిజమా కాదా అనే. భూమి నాన్నగారి స్వార్జితమా, తాత నుంచి వచ్చిందా అనే తగాదా అక్కడ తేలదు. దానికి వేరే దావా కావాలి.

దేవరకొండ దస్తావేజు

చిన్నాయన "నాకు వద్దు" అంటే?

నల్లగొండ వకీల్

రాతపూర్వకంగా తప్పుకోవచ్చు. అప్పుడు విల్లులో వాటా ఉన్న మనిషి, ఇక్కడ అమ్మగారు, విల్లు జతపరచి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎగ్జిక్యూటర్ లేనప్పుడు ఆ పని చేయడానికి కోర్టు ఇచ్చే అధికారపత్రం, కోసం వేస్తారు. పని దాదాపు ఒకటే. అయితే ఈ దరఖాస్తులకు మూడేళ్ళ పరిమితి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి, అందుకని పరిమితి అంచు దాకా పోవద్దు.

అన్న విరాసత్ దరఖాస్తు వేసేలోపు మీ మరదలు తహసీల్దార్‌కు లిఖితంగా అభ్యంతరం ఇవ్వాలి. విల్లు నకలు, తమ్ముడి మరణ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు జతచేయాలి, అందుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. విల్లు సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. నాన్నగారు బతికుండగా ఇంకెవరికీ ఇచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడు మరణ ధ్రువపత్రంతో అడగవచ్చు. అసలు ఎవరి దగ్గరుంది?

పానగల్లు ఆడబిడ్డ

అసలు అన్న దగ్గరే ఉన్నది సార్. నాయిన పెట్టెల నుంచి ఆయనే తీసిండు. నేను ఫోన్ల ఫొటో తీసుకున్న.

నల్లగొండ వకీల్

అయితే అదే మొదటి పని. చిన్నాయన తన చేతికి తీసుకోవాలి. ఆయన పనికి అదే ఆధారం. అన్న ఇవ్వనంటే, దాన్ని దాఖలు చేయమని జిల్లా కోర్టు ఆయనను ఆదేశించే వీలుంది. సర్టిఫైడ్ కాపీ ఇవాళే అప్లై చేసి పెట్టుకోండి, అసలు మాయమైతే అదే ఆదుకుంటుంది.

జడ్చర్ల శ్రీలత

సార్, ఒక్క మాట. రెండో పేరాల అమ్మకు "జీవితకాలం అనుభవించవలెను" అని రాసిన్రు. మా ఇంట్ల గూడ అట్లనే రాసిన్రు. అంటే ఆమె ఆ ఇల్లు అమ్ముకోరాదా? మా వకీలు మాత్రం అమ్ముకోవచ్చన్నడు.

నల్లగొండ వకీల్

ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. అమ్మడానికి వీల్లేదని విల్లులో రాసి ఉంది, 1956 చట్టం 14(2) ప్రకారం ఆ హద్దు నిలుస్తుందని ఒక వాదన. భార్యకు భర్త ఆస్తిలో పోషణ హక్కు ముందే ఉంది, ఆ హక్కుకు బదులుగా ఇచ్చింది కాబట్టి 14(1) కింద ఆమె సంపూర్ణ హక్కుదారు అవుతుందని రెండో వాదన. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు రెండో దాని వైపు గట్టిగా నిలిచింది. ఆ తర్వాతి తీర్పులు అటూ ఇటూ వచ్చాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే దీన్ని పెద్ద ధర్మాసనం తేల్చాలంటూ పంపింది. మీ వకీలు చెప్పిందానికి ఆధారం ఉంది, అయితే కొనేవాడు ఆ రిస్కు తీసుకోవడానికి సిద్ధపడాలి.

దేవరకొండ దస్తావేజు

అందుకే అట్లాంటి ఇల్లు కొనవచ్చే వాళ్ళకు, తదనంతరం హక్కున్న వాళ్ళ సంతకాలు గూడ పెట్టించుకోమంట నేను. ఇక్కడ మైనర్ పిల్లలున్నరు గాబట్టి ఆ సంతకం అంత సులువు కాదు.

పానగల్లు ఆడబిడ్డ

ఇల్లు అమ్మే ఆలోచన అమ్మకు లేదు. చిన్నాయనకు వకీల్ సార్ రాసినదంతా చదివి వినిపించిన. "నా మీదనే దావా పడతదా?" అని అడిగి, అన్న దగ్గర అసలు కాయితం తెస్తనన్నడు. తహసీల్దార్ ఆఫీసుకు మరదలు నాతోని రేపు వస్తనన్నది. దేవరకొండ పెద్దసారుకు ఫోన్ చేసిన. నాయిన సంతకం పెట్టినప్పుడు ఇద్దరూ పక్కనే కూసున్నరట, అంత గుర్తున్నది ఆయనకు. కానీ ఆయన కోర్టు దాక వచ్చే స్థితిల లేడు సార్, మంచం మీద ఉన్నడు. ఇంటికి వచ్చి వాంగ్మూలం తీస్కుంటరా?

నల్లగొండ వకీల్

తీసుకుంటారమ్మా. దరఖాస్తు పడిన తర్వాత కోర్టును అడిగితే అడ్వకేట్ కమిషనర్‌ను వేస్తారు, ఆయన ఇంటికే వెళ్ళి సాక్ష్యం నమోదు చేస్తారు. అటుపక్క వాళ్ళకు కూడా అక్కడే ప్రశ్నలడిగే అవకాశం ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.